భార్యాభర్తల నడుమ కృతజ్ఞతావచనం : తెలుగు వ్యవహారంలో ఒక పరిశీలన

ఉదయం భార్య కాఫీ గ్లాసు తెచ్చి చేతికిస్తుంది. భర్త అందుకొని ఒక గుక్క తాగి, "ఇవాళ డికాషను బాగా దిగింది" అంటాడు. ఆమె ఏమీ అనకుండా లోపలికి వెళ్తుంది. ఇది తెలుగు ఇళ్ళలో సహజమైన సంభాషణ. అదే భర్త గ్లాసు అందుకొని "నీకు నా కృతజ్ఞతలు" అన్నాడనుకుంటే, ఆమె ఆగి, "ఏమైంది మీకివాళ?" అని అడుగుతుంది. మాటలో తప్పు లేదు, భావంలో లోపం లేదు. అయినా ఆ మాట వారిద్దరి మధ్య ఒక ఎడాన్ని తెచ్చిపెట్టింది. మేలును గుర్తించే మాట దగ్గరితనాన్ని పెంచవలసింది పోయి దూరాన్ని ఎందుకు ధ్వనింపజేస్తుంది? ఆ మాట లేనిచోట ఆ పనిని నెరవేర్చేవి ఏవి? అవి కూడా లేనప్పుడు ఏమి జరుగుతుంది? ఈ మూడు ప్రశ్నలూ ప్రస్తుత వ్యాసానికి విషయం.

1. పదవిచారణ

'కృతజ్ఞుడు' అనే పదానికి విగ్రహం "కృతం జానాతి" అని. చేయబడినదానిని ఎరిగినవాడు అని అర్థం. జ్ఞా ధాతువునకు కర్మ ఉపపదమైనప్పుడు పాణిని 3.2.3 సూత్రం చేత 'క' ప్రత్యయం వచ్చి ఈ రూపం సిద్ధిస్తుంది. ఇక్కడ గమనింపదగిన అంశం ధాత్వర్థం. ఎరుగుట అన్నది ఇందులో ఉన్నది, పలుకుట అన్నది లేదు. దీనికి ప్రతియోగియైన 'కృతఘ్నుడు' చేసిన మేలును చంపేవాడు. మేలు పొంది నోరు మెదపనివాడు కృతఘ్నుడు కాడు. దానిని ఎరుగనట్లు నడుచుకొన్నవాడే కృతఘ్నుడు. శ్రీమద్రామాయణ బాలకాండారంభంలో వాల్మీకి నారదుని అడిగిన గుణావళిలో కృతజ్ఞత ఒకటి. అక్కడ అది శీలమే గాని సంభాషణా మర్యాద కాదు.

'ధన్యవాదము' మరొక దారిలో వచ్చిన పదం. ధనమును పొందినవాడు అన్న అర్థంలో పాణిని 4.4.84 సూత్రం వలన 'ధన్య' శబ్దం ఏర్పడుతుంది. అదృష్టవంతుడు, శ్లాఘ్యుడు అనే అర్థాలు దాని విస్తారాలు. కాబట్టి ధన్యవాదమంటే ఎదుటివానిని ధన్యుడని పలకడం, అనగా ప్రశంస. ఇందులో పలుకుట ఉన్నది గాని, నా కొరకు నీవు చేసితివి అన్న సంబంధం పదంలో లేదు. ఒకటి ఎరుకను చెప్పే పదం, రెండవది మెప్పును చెప్పే పదం. ఆధునిక కాలంలో ఈ రెండూ ఇంగ్లీషు 'థాంక్స్'కు సమానార్థకాలుగా వాడుకకు వచ్చాయి. అందువలన పదం పాతదైనా, దానితో ఇప్పుడు చేసే పని కొత్తదని చెప్పవచ్చు.

ఉపకారాన్ని మాటతోగాని, బదులు మేలుతోగాని తీర్చివేయడం ఆత్మీయుల నడుమ తగునా అన్న సంశయం ప్రాచీనమైనదే. ఉత్తరకాండలో పట్టాభిషేకానంతరం వానరులను సాగనంపే ఘట్టంలో శ్రీరాముడు హనుమంతునితో పలికిన మాటల సారాంశం ఇది: నీవు చేసిన ఉపకారం నాలోనే జీర్ణమైపోవుగాక, ప్రత్యుపకారానికి అవకాశం చేసినవాడు ఆపదలో పడినప్పుడే కదా కలిగేది. బదులు తీర్చాలని కోరుకోవడమంటే అవతలివాడికి కష్టం రావాలని కోరుకోవడమే అవుతుందన్న సూక్ష్మం ఇందులో ఉన్నది. అయితే ఇది మౌనానికి సమర్థన కాదు. రాముడు ఉపకారాన్ని పేర్కొన్నాడు, హనుమంతుని ఎదుటనే పేర్కొన్నాడు. వద్దన్నది లెక్క తీర్చుకొనడాన్ని మాత్రమే. ఉపకారాన్ని ఎరిగినట్లు తెలుపడం వేరు, ఋణం చెల్లించడం వేరు. ఈ భేదమే ఈ పరిశీలనకు మూలసూత్రం.

2. మాట నివసించే చోటు

తెలుగులో 'కృతజ్ఞతలు', 'ధన్యవాదములు' అన్నవి సభలో, లేఖలో, గ్రంథాల తొలి పుటల్లో నివసించే పదాలు. సభాంతంలో జరిగే తంతుకు వందనసమర్పణ అని పేరు. అధ్యక్షునికి, వక్తలకు, హాలు ఇచ్చినవారికి వరుసగా కృతజ్ఞతలు చెప్పి, జాతీయగీతంతో సభ ముగిస్తారు. ఒక పదం ఏ చోట తరచుగా వినిపిస్తుందో ఆ చోటి వాసన దానికి పడుతుంది. వంటింట్లో ఆ మాట వినబడితే వినేవారికి వేదిక, మైకు, పూలదండ స్ఫురిస్తాయి. భర్త భార్యను 'నువ్వు' అని పిలుస్తూ 'కృతజ్ఞతలు' అంటే, ఒకే వాక్యంలో ఇంటి సర్వనామం, సభా పదం ఢీకొంటాయి. 'మీకు కృతజ్ఞతలు' అన్నప్పుడు లేని ఎబ్బెట్టుతనం 'నీకు కృతజ్ఞతలు' అన్నప్పుడు కనిపించడానికి ఇదొక కారణం.

అయితే కారణం ఇదొక్కటే అనుకుంటే పొరపాటు. 'థాంక్స్' అన్నది సభాపదం కాదు. బస్సులో చోటిచ్చినవారికి, పెన్ను అందించినవారికి అలవోకగా అనే మాట. అయినా ఇల్లాలు సుస్తీగా ఉన్న అత్తగారికి పథ్యం వండి పెట్టినప్పుడు భర్త 'థాంక్స్' అంటే, "మన మధ్య థాంక్సేమిటి?" అన్న జవాబు తరచుగా వస్తుంది. ఈ జవాబులోని 'మన' అన్న మాటను పట్టించుకోవాలి. తెలుగులో వినేవారిని కలుపుకొనే 'మనము', విడిచిపెట్టే 'మేము' అని ఉత్తమపురుష బహువచనం రెండు విధాలు. కృతజ్ఞతావచనానికి ఇచ్చినవారు ఒకరు, పుచ్చుకొన్నవారు మరొకరు కావాలి. 'మన' అన్నది ఆ ఇద్దరినీ ఒక్కటి చేసే సర్వనామం. "మన ఇంట్లో మనం చేసుకొన్న పని" అన్నచోట దాత, గ్రహీత అనే విభాగానికి తావు లేదు. థాంక్స్ చెప్పినవారు ఆ 'మన'ను విడగొట్టి 'నువ్వు', 'నేను' చేశారు. "నన్ను పరాయిదాన్ని చేశారు" అన్న నిష్ఠూరానికి వ్యాకరణంలో ఉన్న ఆధారం ఇది.

భాషావ్యవహార శాస్త్రజ్ఞులు ఇదే విషయాన్ని వేరొక పరిభాషలో చెప్పారు. జాన్ సెర్ల్ 1969లో ప్రకటించిన భాషణచర్యల గ్రంథంలో కృతజ్ఞత తెలుపడానికి ఉండవలసిన నియమాలను విడదీసి చూపాడు. వినేవాడు గతంలో ఒక పని చేసి ఉండాలి. అది పలికేవాడికి మేలై ఉండాలి, మేలని అతడు నమ్మాలి. దానికి అతడు మనసులో సంతోషించాలి. పెనెలోపి బ్రౌన్, స్టీఫెన్ లెవిన్సన్ 1987 నాటి తమ మర్యాదా సిద్ధాంత గ్రంథంలో ఇంకొక మెట్టు దిగి, కృతజ్ఞత తెలిపేవాడు ఋణాన్ని అంగీకరించి తన్ను తాను కొంత తగ్గించుకొంటున్నాడని పేర్కొన్నారు. అనగా ఆ మాట ఒక లెక్కను తెరుస్తుంది. పరిచితుల మధ్య లెక్క ఉండడం మర్యాద. దాంపత్యంలో లెక్క తెరవడం అనుమానానికి తావిస్తుంది.

ఈ మౌనం భారతదేశానికే పరిమితమని భావించడం మాత్రం తగదు. మహాదేవ్ ఎల్. ఆప్టే 1974లో ప్రకటించిన వ్యాసంలో మరాఠీ, హిందీ వ్యవహర్తలు కుటుంబంలో కృతజ్ఞతాపదాలను వాడరని వివరించాడు. ఆ వివరణ సరైనదే. కాని ఇంగ్లీషువారు ఇంటిలో అడుగడుగునా థాంక్స్ చెప్పుకొంటారన్న ఊహ దాని వెనుక చేరితే ప్రమాదం. సిమియన్ ఫ్లాయిడ్ తదితరులు ఐదు ఖండాలకు చెందిన 8 భాషలలో ఇళ్ళలోను, ఇరుగుపొరుగు నడుమను సాగే సంభాషణలను రికార్డు చేసి, 2018లో ఫలితాలు వెల్లడించారు. అడిగిన పని చేసి పెట్టినప్పుడు మాటతో కృతజ్ఞత తెలిపిన సందర్భాలు మొత్తం మీద సుమారు 20లో 1 మాత్రమే. ఇంగ్లీషులో ఆ సంఖ్య ఎక్కువే అయినా 7లో 1 దగ్గరే ఆగింది. ఈక్వెడార్‌లోని చాపలా భాషలో అటువంటి సందర్భం ఒక్కటీ నమోదు కాలేదు. ఆ 8 భాషలలో తెలుగు లేదు. అయినా దగ్గరివారి మధ్య మౌనమే సామాన్యమని, మాటే విశేషమని ఈ పరిశీలన వలన అవగతమవుతుంది.

3. క్రియలో దాగిన గుర్తింపు

కృతజ్ఞతాపదం వాడనంత మాత్రాన తెలుగు మేలును గుర్తించదని కాదు. ఆ గుర్తింపు నామవాచకంలో కాక క్రియలో ఉన్నది. తెలుగులో 'కొను' అనుబంధక్రియగా చేరితే పని చేసినవారికే ఫలం: రాసుకొన్నాడు, వండుకొన్నది. 'పెట్టు' చేరితే ఫలం ఇతరులకు: రాసిపెట్టాడు, కుట్టిపెట్టింది, చేసిపెట్టింది. "చొక్కా గుండీ కుట్టింది" అన్నది వార్త. "గుండీ కుట్టిపెట్టింది" అన్నది వార్తతో పాటు మేలును ఒప్పుకోవడం. "నువ్వు గుర్తుపెట్టుకొని కుట్టిపెట్టావు కాబట్టి సరిపోయింది, లేకపోతే ఇవాళ నా అవస్థ చూడవలసిందే" అనే వాక్యంలో సెర్ల్ చెప్పిన నియమాలన్నీ నెరవేరాయి. పని ఉన్నది, మేలు ఉన్నది, సంతోషం ఉన్నది. లేనిది ఋణం ఒక్కటే.

రెండవ మార్గం 'చేయి'. "నీ చేతి పులుసు", "నీ చేతి చారు" అన్నప్పుడు వస్తువు కంటె దానిని చేసిన మనిషి ముందుకు వస్తుంది. "పులుసు బాగుంది" అన్న మాట హోటలులోనూ చెల్లుతుంది. "నీ చేతి పులుసు తిని ఎన్నాళ్ళయింది!" అన్న మాట ఒక్కరికే చెందుతుంది.

మూడవది చాటుమెప్పు. భర్త భార్యతో నేరుగా ఏమీ అనడు. ఆమె వినేటట్లు తన చెల్లెలితో, "మీ వదిన లేకపోతే ఆ నాలుగు రోజులూ గడిచేవి కావమ్మా" అంటాడు. మాట చెల్లెలికి, అర్థం భార్యకు. ప్రథమపురుషలో చెప్పినందువలన 'నువ్వు-నేను' అనే విభజన తప్పిపోయింది. సాక్షి ఎదుట పలికినందువలన మాటకు బరువు వచ్చింది. ముఖాముఖి చెప్పడానికి మొహమాటపడే పాతతరం దంపతులకు ఇది బాగా తెలిసిన దారి.

నాలుగవది శ్రమను గుర్తించడం. "పొద్దుటినుంచి నిలబడే ఉన్నావు, కాస్త నడుం వాల్చు" అన్న మాట పొందిన మేలును కాక, చేసినవారి అలసటను చూస్తుంది. అదే శ్రమను పరాయివారి విషయంలో చెప్పవలసివస్తే "మీకు శ్రమ ఇచ్చాను" అని క్షమాపణ రూపంలో పలుకుతారు. ఇంటివారితో అయితే అది విశ్రాంతికి పిలుపు అవుతుంది.

ఇవికాక 'అన్నదాతా సుఖీభవ' వంటి ఆశీర్వచనాలున్నాయి. అవి అతిథి నోట గృహస్థును ఉద్దేశించి వెలువడేవి. "మీ మేలు మరచిపోను", "ఋణపడి ఉంటాను" అన్నవి పెద్ద ఆపదలో ఆదుకొన్న ఇరుగుపొరుగులకు, వైద్యునికి తగినవి. ఇంటిలోని నిత్యోపచారానికి ఇవేవీ సరిపోవు. దంపతుల నడుమ ఋణం అన్న మాట వాడితే అది ఋణానుబంధమే. తీర్చుకొనేది కాదు, కలిపి ఉంచేది.

4. ఒక సందర్భ పరిశీలన

పై భేదాలు ఎట్లా పనిచేస్తాయో ఒక కల్పిత సందర్భంలో చూడవచ్చు. భర్తకు మూడు రోజులు విషజ్వరం. భార్య రాత్రులు మేలుకొని, తడిగుడ్డ వేసి, వేళకు మందులిచ్చి, మిరియాల చారుతో అన్నం పెట్టింది. నాలుగవనాటికి జ్వరం తగ్గింది. ఆ ఉదయం అతడు అనదగిన మాటలు నాలుగు.

"నీకు ఎంతో కృతజ్ఞుణ్ణి" అనవచ్చు. ఆమె నొచ్చుకొంటుంది. ఆసుపత్రిలో నర్సుతో అనవలసిన మాట తనతో అన్నాడని తోస్తుంది. ఆమె చేసినదానిని సేవగా లెక్కకట్టినట్లవుతుంది.

"థాంక్స్" అనవచ్చు. ఆమె నొచ్చుకోకపోవచ్చు గాని మాట తేలిపోతుంది. పెన్ను అందించినందుకు, మూడు రాత్రుల జాగరణకు ఒకే తూనికరాయి సరిపోదు. నేటి యువదంపతులు చిన్న పనులకు ఈ మాటను నవ్వుతూ, ముద్దుగా వాడుకోవడం ఉన్నది. అక్కడ అది బాగానే చెల్లుతుంది. బరువైన చోట నిలువలేదు.

"నువ్వు లేకపోతే ఏమైపోయేవాణ్ణో" అనవచ్చు. ఇది తెలుగులో బాగా పలికే వాక్యం. "ఊరుకోండి, అవేం మాటలు!" అని ఆమె కసురుతుంది. ఆ కసురు తిరస్కారం కాదు, అంగీకారమే. ఇందులో చిన్న లోపమున్నది. ఇది ఆమె ఉనికిని కీర్తిస్తుంది గాని ఆమె చేసినదానిని చూడదు. ఏటేటా ఇదే వాక్యం పలికితే అరిగిపోతుంది.

"రాత్రి రెండింటికి నేను లేచి చూసేసరికి నువ్వింకా కూర్చొనే ఉన్నావు. మూడు రాత్రుల నిద్ర బాకీ ఉంది నీకు. ఇవాళ కుక్కరు నేను పెడతాను, పడుకో" అనవచ్చు. ఇందులో కృతజ్ఞతాపదం లేదు, ప్రశంసాపదమూ లేదు. తాను చూసిన ఒక గడియ ఉన్నది, ఆమె అలసట ఉన్నది, తన చేయి కదలడం ఉన్నది. 'కృతం జానాతి' అన్న విగ్రహవాక్యానికి నిజమైన ఉదాహరణ ఇదే. బాకీ అన్న మాట వచ్చినా అది అతనికి ఆమె ఇచ్చిన అప్పు కాదు, నిద్రకు ఆమె పడిన బాకీ. ఆ తేడాతో లెక్క పరిహాసంగా మారిపోయింది.

5. మౌనానికి రెండు అర్థాలు

దగ్గరివారికి మాట అక్కరలేదన్న సూత్రం నిజమే అయినా, దాని నీడలో వేరొకటి దాగే అవకాశమున్నది. మేలును ఎరిగి పలకనివాని మౌనం, ఎరుగనివాని మౌనం పైకి ఒకే తీరుగా ఉంటాయి. "మన మధ్య థాంక్సేమిటి?" అన్న మాట మేలు చేసినవారి నోటినుండి వస్తే అది ఔదార్యం. పొందినవారే "మన మధ్య అవన్నీ ఎందుకు?" అని తమకు తాము చెప్పుకొంటే అది తప్పించుకోవడం కావచ్చు.

ఇక్కడ 'పెట్టు' క్రియ మళ్ళీ సాక్ష్యమిస్తుంది. భర్త ఒకనాడు వంట చేస్తే "ఇవాళ ఆయనే వండిపెట్టారు" అని భార్య నలుగురితో చెబుతుంది. ఆమె నిత్యం వండేది "వంట అయింది" అన్న వాక్యంలో కర్త కూడా లేకుండా పోతుంది. ఏది విధి, ఏది మేలు అన్న తీర్పు మాటకు ముందే జరిగిపోతుంది. విధి అనుకొన్నదానికి గుర్తింపు దొరకదు. అమెరికాలో ఉద్యోగినుల దాంపత్యాలను పరిశీలించిన ఆర్లీ హోక్‌షీల్డ్ తన 1989 నాటి గ్రంథంలో దీనినే కృతజ్ఞతల ఆదాయవ్యయంగా వివరించింది. ఒకరు కానుకగా ఇచ్చినదానిని మరొకరు బాధ్యతగా అందుకొన్నప్పుడు ఇద్దరికీ లోటే మిగులుతుందని ఆమె నిరూపణ. సారా ఆల్గో మరి ఇద్దరు సహకర్తలతో 2010లో ప్రకటించిన అధ్యయనం అమెరికా జంటల దినచర్యను ఆధారం చేసుకొన్నది. రోజువారీ చిన్న మేళ్ళపట్ల కలిగే కృతజ్ఞతాభావం మరునాటి సాన్నిహిత్యాన్ని పెంచగా, ఋణభావనకు ఆ శక్తి కనబడలేదు. తెలుగు దంపతులకు దీనిని యథాతథంగా అన్వయించరాదు. కాని ఎరుకకు, ఋణానికి గల భేదం అక్కడ కూడా తేలడం గమనార్హం.

ఏ ఇంటి మౌనం ఏ జాతిదో తెలుసుకోవడానికి ఒక ఆనవాలు ఉన్నది. ఉప్పు ఎక్కువైననాడు నోరు లేచి, చారు కుదిరిననాడు నోరు లేవని ఇంటిలో, మాట అక్కరలేనంత దగ్గరితనం ఉన్నదని చెప్పడానికి వీలు లేదు. అక్కడ లోపానికి మాట ఉన్నది, గుణానికి లేదు. దోషానికి, గుణానికి సమంగా మాట కలిగి, కృతజ్ఞతాపదం మాత్రం లేని ఇల్లు వేరు. అది ఎరిగిన ఇల్లు. అయోధ్యాకాండారంభంలో కవి శ్రీరాముని గుణాలను చెప్పుతూ, ఒక్క ఉపకారంతోనే సంతుష్టుడవుతాడని, నూరు అపకారాలనైనా తలపెట్టుకోడని వర్ణించాడు. నిత్యజీవితంలో ఈ నిష్పత్తి తలక్రిందులు కావడమే దాంపత్యంలో మౌనానికి చేటు తెచ్చేది.

పై పరిశీలన వలన తేలే అంశం ఇది. భార్యాభర్తల నడుమ 'కృతజ్ఞతలు', 'థాంక్స్' అనే పదాలు దూరంగా ధ్వనించడానికి హేతువు భావరాహిత్యం కాదు. ఆ పదాలు 'మన'ను విడగొట్టి లెక్క తెరవడం, సభావాసన కలిగి ఉండడం అందుకు హేతువులు. తెలుగు ఆ లోటును 'చేసిపెట్టు' అనే క్రియతో, 'నీ చేతి' అనే విశేషణంతో, చాటుమెప్పుతో, అలసటను చూసే మాటతో పూడ్చుకొన్నది. పదం అక్కరలేదు గాని ఎరుక అక్కరలేదని ఏ శాస్త్రమూ చెప్పలేదు. డికాషను బాగా దిగిందన్న భర్త ఆ ఉదయం కృతజ్ఞతావచనమే పలికాడు. ఆ మాటయినా లేక గ్లాసు ఖాళీ చేసి బల్లమీద పెట్టి వెళ్ళే ఇంటిలో, లోపించినది పదం కాదు.